మెరూన్ సంచి మీద తెల్ల జాడీ

కల్యాణమండపం ఫ్లెక్సీ మీద, మిఠాయి డబ్బా మూత మీద, ఆటో వెనకాల... ఎక్కడ చూసినా లోగోలే. కాస్త పరికించి చూడండి. వాటిలో కొన్నింటి చుట్టూ ఒక తెల్లటి చదరం కనిపిస్తుంది. ముదురు ఎరుపు బ్యానర్ మీద ఎవరో తెల్ల కాగితం ముక్క కత్తిరించి అతికించినట్టు! ఆ లోగో గీసినవాళ్లకి గీత రాక కాదు. తెల్ల కాగితం దాటి అది ఇంకెక్కడికైనా వెళ్లాల్సి వస్తుందని అనుకోలేదు, అంతే.

విజయవాడలో ఒక చిన్న డీటీపీ షాపులో డిజైన్లు చేసే కుర్రాడి దగ్గరికి ఓ వేసవిలో సరిగ్గా ఇలాంటి లోగోయే వచ్చింది. తెచ్చినావిడ ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆవకాయ రోజులు. మూడువందల మెరూన్ గుడ్డ సంచులు అప్పటికే కుట్టించేసింది. డబ్బులూ కట్టేసింది. తీరా సంచుల మీద బొమ్మ వేసే స్క్రీన్ ప్రింటింగ్ అతను 'ఈ ఫైలు పనికిరాదమ్మా' అంటూ వెనక్కి పంపాడు.

"ఇదే బొమ్మ సీసాల మీద శుభ్రంగా పడిందిగా బాబూ, సంచి మీద ఎందుకు పడదు?" అందావిడ.

న్యాయమైన ప్రశ్నే. ఆ బొమ్మలో ఒక జాడీ ఉంది. మన ఇళ్లలో ఉండేదే... పైసగం గోధుమ రంగు, కింద బొజ్జ తెలుపు. జాడీకి అడ్డంగా, దాని భుజం మీదికి వాలినట్టు, ఆకుపచ్చ తొడిమతో ఒక ఎర్ర మిరపకాయ. కింద మెరూన్ అక్షరాల్లో పేరు. ఆ పేరు చివర 'పచ్చళ్లు' అనే మాట.

కుర్రాడు మొదట తెల్ల చదరం సంగతి చూశాడు. ఆవిడ దగ్గరున్నది జేపీజీ ఫైలు. అందులో 'ఖాళీ' అనేదే ఉండదు. ఏమీ లేనిచోట కూడా తెల్లరంగు నిండి ఉంటుంది. అదే చదరంగా బయటపడుతుంది. బొమ్మని గీతలుగా మళ్లీ గీసి, వెనక తెలుపు తీసేశాడు. చదరం పోయింది. దాంతోపాటు పేరూ పోయింది! మెరూన్ గుడ్డ మీద మెరూన్ అక్షరాలు ఎలా కనిపిస్తాయి? గోధుమ రంగు పైభాగం కూడా గుడ్డలో కలిసిపోయింది. గాల్లో ఒక మిరపకాయ మాత్రం వేలాడుతోంది.

సరే, రంగులు తిరగేద్దామనుకున్నాడు. కంప్యూటర్‌లో అందుకు ఒక్క మీట చాలు. నొక్కగానే జాడీ పైభాగం లేత నీలంగా, బొజ్జ నల్లగా, మిరపకాయ నీలాకాశం రంగులో ప్రత్యక్షమైంది. ఆవిడ ఒక్కక్షణం చూసి, "ఇది మా జాడీ కాదు బాబూ, ఎక్స్‌రే తీసినట్టుంది" అంది.

అసలు కిటుకంతా ఆ మాటలోనే ఉంది. ముదురు నేపథ్యానికి లోగో సిద్ధం చేయడమంటే నలుపుని తెలుపు చేసి, తెలుపుని నలుపు చేయడం కాదు. బొమ్మలో కొన్ని భాగాలు తెల్లగా ఉండడానికి ఒక కారణం ఉంటుంది. ముఖంలో కంటి తెలుపు, దీపంలో వెలుగు, జాడీలో బొజ్జ... వీటిని తిరగేస్తే గీత అదే ఉన్నా అర్థం మారిపోతుంది. వన్యప్రాణుల సంరక్షణకు 1961లో ఏర్పడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ పాండా గుర్తే తీసుకోండి. ఆ బొమ్మలో పాండా తలకీ, వీపుకీ పైన గీతే ఉండదు. నల్ల చెవులు, నల్ల కళ్లు, నల్ల కాళ్లు పెట్టి మిగతాది కాగితం తెలుపుకే వదిలేశారు. మన కన్నే ఆ గీతని పూర్తిచేసుకుంటుంది. దాన్ని నల్లటి గోడ మీద తిరగేసి వేస్తే తెల్ల కళ్లు, నల్ల ముఖంతో ఇంకేదో జంతువు తయారవుతుంది. పాండా మాత్రం కాదు.

అందుకే కుర్రాడు జాడీని తిరగేయడం మానేసి, ముదురు గుడ్డ కోసం కొత్తగా గీయడం మొదలుపెట్టాడు. మొదటి ప్రశ్న: ఈ బొమ్మలో ఏది తెల్లగానే ఉండితీరాలి? బొజ్జ. తెల్ల కాగితం మీద అది ఉత్త ఖాళీ, చుట్టూ సన్నటి గీత మాత్రమే. ఇక్కడ ఆ ఖాళీని తెల్ల సిరాతో పూర్తిగా నింపాడు. పైభాగం ఏమో కాగితం మీద నిండుగా గోధుమ రంగు. ఇక్కడ దాన్ని తెల్ల గీతతో రూపురేఖలు మాత్రం గీసి లోపల వదిలేశాడు. గుడ్డ మెరూన్ రంగే జాడీ పైభాగం అయింది. నిండినది ఖాళీ అయింది, ఖాళీ నిండింది. అయినా పైన ముదురు, కింద తెలుపు అనే వరస చెడలేదు. చూడగానే జాడీయే!

ఇక మిరపకాయ. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కట్టాలి. మూడు రంగులంటే ప్రతి సంచికీ మూడుసార్లు చెయ్యి ఆడాలి. పైగా మెరూన్ గుడ్డ మీద నేరుగా ఎరుపు వేస్తే కింద రంగు లాగేసి మసకబారుతుంది. అందుకని ఒకే రంగు, తెలుపు. ఒకే రంగు అంటే నిజంగా ఒకటే. పలుచన చేసిన తెలుపు, సగం తెలుపు లాంటివి కుదరవు. ఆ లేతదనాన్ని చిన్నచిన్న చుక్కలుగానే వేయాలి. గరుకు గుడ్డ మీద ఆ చుక్కలు కొన్ని పడవు, కొన్ని అలుక్కుపోతాయి.

ఎరుపు లేనప్పుడు మిరపకాయ కనిపించేదెలా? తెల్ల బొజ్జలో మిరపకాయ ఆకారాన్ని కత్తిరించి వదిలేస్తే గుడ్డ రంగులో అది తేలుతుంది. కానీ దాని కొస భుజం మీదికి వాలి ఉందే! అక్కడ జాడీ కూడా గుడ్డ రంగే. కొస కాస్తా మాయం. సగం తెగిన మిరపకాయ మిగిలింది. రెండు దారులు కనిపించాయి. భుజం మీద పడే భాగాన్ని తెల్లగా మార్చడం ఒకటి. అలా చేస్తే ఒకే కాయ సగం నల్లగా, సగం తెల్లగా ఉండి చిన్న సైజులో ఏమిటో అర్థం కాదు. రెండోది, మిరపకాయని కిందికి జరిపి మొత్తం బొజ్జ మీదే ఉంచడం. అతను ఇదే చేశాడు. రంగుకి బదులు, తొడిమకీ కాయకీ మధ్య సన్నటి సందు వదిలాడు. ఆ సందే తొడిమని వేరుగా చూపిస్తుంది.

"మిరపకాయ అలా వాలి ఉండడం మా అమ్మాయి ఆలోచన" అని ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకుంది. సీసా లేబుల్ మీద అది అలాగే ఉంటుందనీ, సంచికి మాత్రమే ఈ మార్పనీ అతను నచ్చజెప్పాడు. ఈ అమరికతో ఇంకో లాభం కూడా ఉంది. బిల్లు పుస్తకం మీద ఒక్క నలుపుతో వేయాల్సి వచ్చినా ఇదే పనికొస్తుంది. అక్కడ జాడీ పైభాగం నల్లగా నింపి, బొజ్జ కాగితానికి వదిలి, మిరపకాయని నల్లగా వేస్తే సరి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నవి మాత్రం అక్షరాలు. 'పచ్చళ్లు'లో 'చ' కింద ఒత్తు, 'ళ' కింద ఒత్తు. అసలు అక్షరంకన్నా ఒత్తు చిన్నది. దాని లోపలి సందు ఇంకా చిన్నది. సిరా ఏదైనా పడినచోటే బుద్ధిగా ఉండదు, కొంచెం పక్కకి పాకుతుంది. కాబట్టి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: సిరా ఎవరు?

మెరూన్ గుడ్డ మీద తెల్ల అక్షరమే సిరా. అది పాకితే అక్షరం లావెక్కి, ఒత్తుల సందులు పూడిపోతాయి. అదే తెల్ల కాగితం మీద మెరూన్ లేబుల్ అచ్చు వేసి అక్షరాలు తెల్లగా వదిలితే, అక్కడ సిరా నేపథ్యం. అది లోపలికి పాకి అక్షరాన్ని సన్నం చేస్తుంది. రెండూ చూడ్డానికి మెరూన్ మీద తెల్ల అక్షరాలే. కానీ గుడ్డకి అక్షరాన్ని ఒక పిసరు సన్నం చేయాలి, లేబుల్‌కి ఒక పిసరు లావు చేయాలి. రాత్రి వెలిగే గ్లోసైన్ బోర్డుకైతే మళ్లీ సన్నమే. అక్కడ సిరా లేకపోయినా, చీకట్లో వెలుతురు ఉన్నదానికన్నా లావుగా కంటికి ఆనుతుంది.

ఆవిడకి ఇంకో కోరిక ఉంది. మామిడితోట ఫొటో మీద లోగోతో ఒక ఫ్లెక్సీ. ఫొటోలో పైన తెల్లటి ఆకాశం, కింద నల్లటి నీడలు, మధ్యలో ఆకులు. తెల్ల లోగో ఆకాశంలో కరిగిపోతోంది. రంగుల లోగోలోని ఎర్ర మిరపకాయ ఆకుల మీద బాగా కనిపిస్తుందనుకున్నాడు. అనుమానం తీర్చుకోవడానికి ఫొటోని నలుపు-తెలుపులోకి మార్చి చూస్తే కాయా ఆకూ ఒకే బూడిద రంగు! రంగులు వేరైనా వెలుగు సమానమైతే దూరం నుంచి రెండూ కలిసిపోతాయి. అక్షరాల చుట్టూ నీడ పెట్టి గట్టెక్కుదామనుకుంటారు చాలామంది. అది అక్షరాల్ని మురికిగా చూపిస్తుంది తప్ప, ఆకుల గజిబిజిని తగ్గించదు. అతను ఫొటోలో ప్రశాంతంగా ఉన్న చోటు వెతికాడు. కింద కుడిమూల చెట్టు నీడ. దాన్ని ఇంకాస్త ముదురు చేసి, తెల్ల జాడీని అక్కడ దించాడు. రెండడుగులు వెనక్కి వెళ్లి కళ్లు చికిలించి చూశాడు. తోట మసకబారినా జాడీ మిగిలింది. చాలు.

సంచి మీద లోగో వెడల్పు 75 మిల్లీమీటర్లు. అందులో తొడిమ దగ్గర సందు ఒకటిన్నర మిల్లీమీటరు. ముందు ఒక్క సంచి మీద వేయించి, ఆరాక చేత్తో రుద్ది, ఒత్తుల్లో సందులు విడిగా ఉన్నాయని చూశాకే మిగతా 299 వేయించారు.

తర్వాత ఆవిడ సీసా మూతలకి కూడా అదే ఫైలు ఇచ్చేయబోతే అతను ఆపాడు. మూత మీద లోగో 25 మిల్లీమీటర్లే. బొమ్మ మూడోవంతుకి తగ్గితే సందు కూడా అర మిల్లీమీటరుకి దిగుతుంది. మూత మీద సిరా పాకితే తొడిమా కాయా అతుక్కుపోతాయి. మూతకోసం సందు రెట్టింపు చేసి, గీతలు కాస్త లావు చేసి, పేరు తీసేసి జాడీ ఒక్కటే ఉంచాడు. చివరికి ఆవిడ చేతికి నాలుగు ఫైళ్లు అందాయి: రంగులది, నలుపుది, తెల్లది, మూతది. ఏది ఎక్కడ వాడాలో ఫైలు పేరులోనే రాసి ఇచ్చాడు.

"ఒక్క జాడీకి నాలుగు బొమ్మలా!" అని ఆవిడ నవ్వింది. నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ ఒకలా లేవు. విడివిడిగా చూస్తే మాత్రం నాలుగూ ఆవిడ జాడీయే.