మాట పుట్టుక కాదు, మాట నడక చూడాలె

కల్వకుర్తిలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు పోయిన వారం ఫోన్ చేసిండు. వాళ్ల క్లాసులో ఏదో మాటామాటా పెరిగింది. ఒకడు ఈ తమ్ముణ్ణి "హరిజన్" అని పిలిచిండు. ఇతను కోప్పడితే అవతలివాడు నవ్వి, "అరే, హరిజన్ అంటే దేవుని బిడ్డ అని కదా అర్థం, దానికి కోపమెందుకు" అన్నడంట. పక్కనున్న సారు కూడా "మాట మంచిదే కదా" అని తల ఊపిండంట. తమ్ముడు నన్ను అడిగింది ఒక్కటే: "అన్నా, అర్థం మంచిదే అయినప్పుడు నాకెందుకు మండింది? నాదే తప్పా?"

నీ తప్పు లేదు తమ్మీ. నీ చెవి భాషాశాస్త్రం చదవకుండానే భాషాశాస్త్రం చెప్పింది. ఎట్లనో ఈ రోజు కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. ముందు మనందరి నోట్లో రోజూ నలిగే ఇంగ్లీషు మాట "నైస్" దగ్గర మొదలుపెడదాం.

నైస్ అంటే బాగుంది అని మనకు తెలుసు. కానీ ఆ మాట పుట్టినప్పుడు దాని అర్థం "ఏమీ తెలియనివాడు". లాటిన్‌లో "నెస్కియస్" అనే మాట ఉంది. "నె" అంటే కాదు, "స్కిరె" అంటే తెలుసుకోవడం. సైన్స్ అనే మాట కూడా ఆ "స్కిరె" కుదురు నుంచే వచ్చింది. అంటే సైన్సూ నైసూ ఒకే ఇంటి బిడ్డలు, ఒకటి తెలివి, ఇంకొకటి తెలివి లేకపోవడం. నెస్కియస్ పాత ఫ్రెంచిలోకి వచ్చి "నైస్" అయింది, అక్కడి నుంచి 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరింది. అప్పుడు ఇంగ్లీషులో ఎవరినన్నా నైస్ అంటే, వాడు తెలివితక్కువ దద్దమ్మ అని.

మరి దద్దమ్మ నుంచి "బాగుంది" దాకా ఎట్ల వచ్చింది? ఒక్కసారి దుంకలేదు, మెట్టు మెట్టుగా వచ్చింది. అనవసరమైన చిన్న చిన్న వాటికి పట్టింపులు పోయేవాణ్ణి జనం తెలివితక్కువోడనే అంటరు. అట్ల నైస్ అంటే "అతి పట్టింపు మనిషి" అయింది. అన్నింటినీ పట్టి పట్టి చూసేవాణ్ణి ఒకరు చాదస్తుడంటే, ఇంకొకరు నాజూకు మనిషి, నిఖార్సైన మనిషి అంటరు. అట్ల నైస్ "సున్నితం, కచ్చితం" అయింది. సున్నితమైనది మనసుకు నచ్చుతుంది కాబట్టి 18వ శతాబ్దంలో "హాయిగా ఉంది, బాగుంది" దగ్గర స్థిరపడ్డది. ఆ తర్వాత ప్రతిదానికీ నైస్ అనడం ఎంత పెరిగిందంటే, జేన్ ఆస్టెన్ తన "నార్తాంగర్ అబ్బే" నవలలో ఒక పాత్రతో దాన్ని ఎగతాళి చేయించింది.

ఇక్కడ గమనించాల్సింది, ప్రతి మెట్టు మీద రెండు అర్థాలూ సరిపోయే వాక్యాలు ఉంటయి. చెప్పినవాడు పాత అర్థంలో చెప్తడు, విన్నవాడు కొత్త అర్థంలో తీసుకుంటడు, ఇద్దరికీ పేచీ రాదు. ఇట్లాంటి వాక్యాలే వంతెనలు. అర్థం ఆ వంతెన మీది నుంచి అవతలి ఒడ్డుకు పోతది. కొన్ని తరాల తర్వాత పాత ఒడ్డు ఎవరికీ గుర్తుండదు.

మన దగ్గరికి వచ్చినంక నైస్ మళ్లీ నడిచింది. గిర్నీ దగ్గర మా అమ్మలు "పిండి జర నైస్‌గా పట్టు" అంటరు. అంటే మెత్తగా, సన్నగా. "వాడు నైస్‌గా జారుకున్నడు" అంటే ఎవరికీ తెలియకుండా, తెలివిగా. తెలివిలేనివాడు అనే మాట కల్వకుర్తికి వచ్చేసరికి మహా తెలివిగా తప్పించుకునేవాడి పనితనం అయింది. ఇప్పుడు ఎవడన్నా గిర్నీ దగ్గర నిలబడి "లాటిన్‌లో నైస్ అంటే మూర్ఖం, పిండిని మూర్ఖంగా పట్టమంటవా" అంటే అతణ్ణి చూసి నవ్వుతం. ఈ నవ్వును గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడతది.

తెలుగు మాటలు కూడా ఇట్లనే ఎక్కుతయి, దిగుతయి. "కంపు" తీసుకోండి. పాత తెలుగు కావ్యాల్లో కంపు అంటే సువాసన. పూలకు కంపు ఉంటుంది. ఇవాళ కంపు అంటే ముక్కు మూసుకుంటం. ఒకప్పుడు అది మంచి మాటేనని ఎట్ల తెలుస్తది? పక్కింటి అక్కను అడగాలె. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. రాయచూరు దాటి పోతే అదే మాట గౌరవంగా బతుకుతున్నది. ఒకే కుదురు మాట ఒక భాషలో ఎక్కడుంది, ఇంకో భాషలో ఎక్కడుంది అని పోల్చి చూడడం అర్థం నడకను పట్టుకునే దారి. కంపు దిగిపోయినంక దాని పక్కనున్న "వాసన" కూడా మెల్లగా దిగుతున్నది. "కూర వాసనొస్తున్నది" అంటే ఇప్పుడు చాలామంది పాచిపోయిందనే అనుకుంటరు.

"ఛాందసుడు" కథ ఇంకా సరదా. ఛందస్సు అంటే వేదం. ఛాందసుడు అంటే వేదం చదివినవాడు, అంటే ఒకప్పుడు అది బిరుదు. ఇవాళ ఛాందసుడంటే కాలం మారినా మారని మొండి మనిషి. చాదస్తం కూడా అక్కడిదే. వంతెన వాక్యం ఎక్కడుందో మీరే ఊహించవచ్చు. వేదం తప్ప లోకం తెలియని మనిషిని చూసి "ఆయన ఛాందసుడు" అన్నప్పుడు, పండితుడనే అర్థమూ సరిపోతది, లోకజ్ఞానం లేనివాడనే అర్థమూ సరిపోతది. ఎవరన్నా "నువ్వు ఛాందసుడివి" అన్నప్పుడు "ఆహా, నన్ను వేదపండితుడన్నవు" అని సంతోషపడే బ్రాహ్మణుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అక్కడ పుట్టుకలోని అర్థం చెల్లదని వాళ్లకు బాగా తెలుసు. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం హఠాత్తుగా పుట్టుక అర్థం చెల్లుతది!

ఇప్పుడు మన మాటల దగ్గరికి వద్దాం. మనల్ని పంచములు అన్నరు, నాలుగు వర్ణాల బయటివాళ్లు అని. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ అని పేరు పెట్టి సభ జరిగింది. అధ్యక్షుడు మన హైదరాబాదు నుంచి పోయిన భాగ్యరెడ్డి వర్మ. పంచమ అనే మాటే మాకొద్దు, మేము ఈ నేల మొదటి మనుషులమని ఆయన వాదించిండు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. గమనించండి, ఎవరో జాలిపడి ఇచ్చిన పేరు కాదది, సభలో కూర్చున్నవాళ్లు తీసుకున్న పేరు.

తర్వాత 1930లలో గాంధీ "హరిజన" మాటను ప్రచారం చేసిండు. 1933లో "హరిజన్" పత్రిక మొదలైంది. ఉద్దేశం గౌరవమే అనుకుందాం. కానీ అంబేద్కర్ దీన్ని ఒప్పుకోలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో మనల్ని హరిజనులని రాసినప్పుడు, ఆయన తన పార్టీవాళ్లతో కలిసి సభ నుంచి బయటికి నడిచిండు.

ఆయన భయం ఎంత నిజమో మన ఊళ్లే సాక్ష్యం. పాత వాడ పేరు తీసేసి హరిజనవాడ అని రాసిండ్రు. వాడ ఉన్నచోటనే ఉన్నది. బావి వేరే, హోటల్లో గ్లాసు వేరే. మాట మంచిదే కానీ ఆ మాట ఏ వాక్యంలో వాడిండ్రు? "హరిజనులు కదా, దూరంగా కూర్చోబెట్టు" అనే వాక్యంలో. విన్న పిల్లగాడికి నిఘంటువు ఎవరూ చూపరు. వాడు ఆ మాట అర్థాన్ని ఆ దూరం నుంచి నేర్చుకుంటడు. అట్ల యాభై ఏండ్లు నడిచేసరికి దేవుని బిడ్డ కాస్తా పాత తిట్టుకు కొత్త చొక్కా అయింది. బోర్డు మార్చి సంబంధం మార్చకపోతే, పాత అర్థం కొత్త మాటలోకి ఊటలాగ ఊరి వస్తది. తర్వాత "ఎస్సీ కాలనీ" అన్నరు. ఎస్సీ అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కు మాట. దాన్ని కూడా కొందరు మూతి వంకర తిప్పి అనడం మీరు వినే ఉంటరు.

తమ్ముడి సారుకు జవాబు మన దేశపు సుప్రీంకోర్టే ఇచ్చింది. 2008లో స్వరణ్ సింగ్ కేసు. అక్కడి మాట "చమార్". పుట్టుకలో అది తోలుపని చేసేవాడని చెప్పే మాటే, ఒక కులం పేరే. పేరుతో పిలిస్తే నేరమెట్ల అయితదని వాదించడం సులువు. కోర్టు ఏమన్నదంటే, అట్రాసిటీ చట్టాన్ని చదివేటప్పుడు మాట పుట్టుక అర్థం కాదు, వాడకంలో జనంలో ఆ మాటకు వచ్చిన అర్థం తీసుకోవాలె. పుట్టుక అర్థం పట్టుకుంటే చట్టం ఉద్దేశమే దెబ్బతింటది. అదే తీర్పులో ఒక హద్దు కూడా ఉన్నది. అవమానించే ఉద్దేశం ఉన్నదా లేదా అనేది ఆ మాట అన్న సందర్భాన్ని బట్టి తేలుతది. అంటే మాట ఒక్కటే చాలదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎట్ల అన్నరో చూడాలె. 2017లో ఇంకో కేసులో "హరిజన్" అనే మాట గురించే సుప్రీంకోర్టు ఈ రోజుల్లో అది అవమానించే మాటగా వాడుతున్నరని చెప్పింది.

గిర్నీ దగ్గర నవ్విన నవ్వు గుర్తుందా? నైస్ అంటే మూర్ఖుడని లాటిన్ చూపించి వాదించేవాడూ, హరిజన్ అంటే దేవుని బిడ్డ అని వాదించేవాడూ ఒకే తప్పు చేస్తున్నరు. మొదటివాణ్ణి చూసి నవ్వి, రెండోవాడికి తల ఊపితే అది భాష తెలియక కాదు.

చివరగా ఎదురు దిక్కుకు నడిచిన మాట. "దళిత" సంస్కృతంలో చీలినది, నలిగినది. మనం తినే పప్పును హిందీలో దాల్ అనేది కూడా ఆ కుదురు నుంచే, బద్దలు చేసింది అని. పుట్టుక చూస్తే హరిజన కంటే దళిత ఎంతో కింది మాట. కానీ 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఆ మాటను జెండా మీద రాసుకున్నరు. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను నరికి చంపినంక దళిత మహాసభ పుట్టింది. అప్పటి నుంచి తెలుగులో దళిత పక్కన కూర్చున్న మాటలు చూడండి: ఉద్యమం, సాహిత్యం, మహాసభ, ఆత్మగౌరవం. మాట తన పక్కన కూర్చున్నవాళ్ల నుంచే అర్థం తీసుకుంటది. నలిగినవాడు అనే మాట, నలిపినవాణ్ణి నిలదీసేవాడు అయింది.

ఈ ఎక్కుడు కూడా శాశ్వతం కాదు. అంబేద్కర్‌ను "దళిత నాయకుడు" అని మాత్రమే రాసే పత్రికలు చూడండి. మిగిలినవాళ్లు దేశ నాయకులు, ఆయన మాత్రం వాడ నాయకుడు. మాట అదే, కానీ ఆ వాక్యంలో దాన్ని చిన్నది చేస్తున్నరు. ఇట్లాంటి వాక్యాలు నాలుగు తరాలు నడిస్తే దళిత కూడా దిగవచ్చు.

అందుకే తమ్మీ, ఈసారి ఎవడన్నా అర్థం మంచిదే కదా అంటే, నిఘంటువు తెరవకు. "ఈ మాటను నువ్వు ఇప్పటిదాకా ఎవరెవరిని పిలవడానికి వాడినవ్, ఎవరిని ఎన్నడూ పిలవలేదు?" అని అడుగు. దేవుని బిడ్డ అనేది అంత మంచి మాట అయితే వాళ్ల నాయనను ఎన్నిసార్లు అట్ల పిలిచిండో చెప్పమను.

జై భీమ్.