నాయన వాచీ మూత

మా నాయన పోయిన ఎనిమిది నెలలకు ఆయన వాచీ ఆగిపోయింది. అమ్మ దాన్ని గుంజకు కొట్టిన మేకుకి తగిలించి ఉంచేది. రాత్రిళ్లు టిక్కుటిక్కుమనడం వినబడేదని, ఇప్పుడు వినబడడం లేదని చెప్పింది. సెల్లు అయిపోయి ఉంటుందని సంతలో వాచీలు బాగుచేసే ఆయన దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన తిప్పి తిప్పి చూసి, "మాస్టారూ, బెల్టు పిన్ను తుప్పు పట్టేసింది. బెల్టు ఊడితేగానీ మూత రాదు. బలవంతం చేస్తే కొమ్ము విరుగుతుంది. ఆ తర్వాత నన్ననొద్దు, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ అమ్మ కొత్తది వద్దంది.

మేమంటే ఇద్దరం. ఈ రాస్తున్న పంతులు ఒకరు, మా చిన్నాన్న కొడుకు ఇంకొకడు. వాడు నర్సీపట్నంలో ఒక వాచీల దుకాణంలో రెండేళ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు కాఫీ తోట చూసుకుంటున్నాడు. ఎక్కువ రోజులు వదిలేయడం మంచిది కాదని వాడే తొందరపెట్టాడు. అయిపోయిన సెల్లు లోపలే ఉంటే కొన్నాళ్లకు కారుతుంది. ఆ కారినది రాగి తీగల్ని తినేస్తుంది. అప్పుడు మూత తీసినా లాభం ఉండదు.

బెల్టుకీ మూతకీ ఏమిటి సంబంధం అని మాకు మొదట అర్థం కాలేదు. వాచీని బోర్లించి చూపించాడు. మరతో బిగించే మూతైతే అంచు చుట్టూ గాట్లుంటాయి. స్క్రూలతో బిగించేదైతే స్క్రూ తలలు కనబడతాయి. నాయన వాచీకి ఆ రెండూ లేవు, నున్నగా ఉంది. అంటే డబ్బా మూతలా నొక్కితే పట్టుకునే రకం. అలాంటి మూతకు అంచులో ఎక్కడో ఒకచోట కత్తి మొన దూరేంత చిన్న సందు ఉంటుంది. ఈ వాచీకి ఆ సందు పన్నెండు అంకె వైపు, రెండు కొమ్ముల మధ్య, సరిగ్గా బెల్టు కింద ఉంది. అందుకే ముందు బెల్టు తీయాలి.

బెల్టుని పట్టే పిన్ను చూడ్డానికి పుల్లలా ఉంటుంది గానీ, అది లోపల స్ప్రింగు ఉన్న సన్నటి గొట్టం. రెండు కొసలా చిన్న మొనలు బయటికి పొడుచుకుని కొమ్ముల్లోని బెజ్జాల్లో కూర్చుంటాయి. మొన దగ్గర చిన్న గట్టు ఉంటుంది. చీలిక కొస ఉన్న పనిముట్టుని బెల్టుకీ కొమ్ముకీ మధ్య దూర్చి, ఆ గట్టుని పట్టి బెల్టు మధ్యవైపు జరిపితే మొన లోపలికి పోయి పిన్ను ఊడి వస్తుంది. కొన్ని వాచీలకు బెజ్జం కొమ్ము బయటిదాకా ఉంటుంది. వాటికి బయటనుంచి సూదితో నొక్కితే చాలు. మాది అలాంటిది కాదు.

ఆరు అంకె వైపు పిన్ను ఒక్క నిమిషంలో వచ్చింది. పన్నెండు వైపుది కదల్లేదు. నాయన పసుపు తవ్వేటప్పుడు కూడా వాచీ తీసేవాడు కాదు. ముప్ఫై ఏళ్ల చెమటా, పసుపు పొడీ, ఎర్రమట్టీ కలిసి అక్కడ ముద్దకట్టాయి. ముందు వెదురు పుల్లని చెక్కి దానితో మట్టంతా గీకాం. కుట్టుమిషను నూనె పుల్ల కొసన ముంచి రెండు మూలలా ఒక్కో చుక్క పెట్టి రాత్రంతా ఉంచాం. కిరోసిన్‌లో ముంచేద్దామని మేమంటే తమ్ముడు ఒప్పుకోలేదు. కిరోసిన్ మూత కింది రబ్బరు రింగుని ఉబ్బించి పాడుచేస్తుందట.

పొద్దున్నే మళ్లీ పట్టాం. పనిముట్టు జారి కొమ్ము మీద ఒక గీత పడింది. అది మా చేతి తప్పే. ఈ రకం వాచీలు ఎక్కువగా ఇత్తడి మీద వెండిరంగు పూత వేసినవి. ఇనుప పనిముట్టు ముందు ఇత్తడి మెత్తన. కొమ్మునే ఆనుకుని మీటితే అది వంగుతుంది. అప్పుడు ఆపేశాం. పిన్ను పది రూపాయల వస్తువు, బెల్టు పాతది, వాచీ ఒక్కటే మళ్లీ దొరకనిది. కాబట్టి బెల్టుని పిన్ను పొడుగునా బ్లేడుతో కోసేశాం. అది కోసేటప్పుడు అమ్మ అక్కడినుంచి లేచి వెళ్లిపోయింది.

తోలు పోయాక పిన్ను బయటపడింది. ఎడమ కొస స్ప్రింగు బిగుసుకుపోయింది, కుడిది కొంచెం ఆడుతోంది. వాచీని ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు అందులో దూర్చి, కటింగ్ ప్లేయరుతో పిన్నుని సరిగ్గా మధ్యలో తుంచాం. సంచి ఎందుకంటే, తెగిన వెంటనే లోపలి స్ప్రింగు ఎగిరి కంట్లో పడొచ్చు. కుడి ముక్క దానంతటదే రాలింది. ఎడమ ముక్కని పక్కకు లాగలేదు. అలా లాగితే మిల్లీమీటరు కూడా మందం లేని మొన విరిగి బెజ్జంలోనే ఉండిపోతుంది. ప్లేయరుతో పట్టుకుని, ఉన్నచోటే కొంచెం ఇటూ కొంచెం అటూ తిప్పాం. నాలుగోసారికి కిర్రుమని తుప్పు పొడి రాలి, తిన్నగా వచ్చేసింది. రెండు ముక్కల కొసలూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండింటికీ మొనలున్నాయి. ఒకదానికి లేకపోయుంటే అది బెజ్జంలో ఇరుక్కుందని అర్థం.

ఇక మూత. సందు దగ్గర మిగిలిన మురికి గీకి, కొమ్ములకు టేపు చుట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద వాచీని బోర్లించాం. కత్తి పదునుగా ఉండకూడదు. కూరగాయల కత్తితో చెయ్యి కోసుకున్నవాళ్లని తమ్ముడు దుకాణంలో చాలామందిని చూశాడట. పొట్టి, మొద్దు కత్తి తీసుకుని, కొస నుంచి గోరంత దూరంలో బొటనవేలు అడ్డంపెట్టి పట్టుకున్నాడు. కత్తిని లోపలికి పొడవకూడదు. మొన సందులో ఆనగానే తాళంచెవి తిప్పినట్టు తిప్పాలి. పొడిస్తే అది జారి లోపలి తీగచుట్టకి తగులుతుంది. ఆ తీగ తలవెంట్రుకంత సన్నం. తెగిందంటే యంత్రమే మార్చాలి. వాడు రెండుసార్లు తిప్పాడు, మూడోసారి టప్‌మని అంచు లేచింది.

మూత లోపలి వైపు సూదితో గీసినట్టు అంకెలున్నాయి. 11-3-14, దాని కింద 6-2-17, దాని కింద 20-9-19. సెల్లు మార్చినప్పుడల్లా బాగుచేసినవాళ్లు అలా తేదీ గీస్తారట. 2014 మార్చి అంటే మా చెల్లెలి పెళ్లికి ముందు. అమ్మని పిలిచి చూపిస్తే వేలితో తడిమింది. ఆమె చదవలేదు, మేమే చదివి వినిపించాం.

సెల్లు మీద 626 అని ఉంది. 6.8 మిల్లీమీటర్ల వెడల్పు, 2.6 మిల్లీమీటర్ల మందం. కారలేదు. ప్లాస్టిక్ పుల్లతో పక్కనున్న పట్టుని జరిపి పాతది లేపి, కొత్తదాన్ని గుడ్డతో పట్టుకుని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాం. ఏమీ కదల్లేదు. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత చూస్తే కీ బయటికి లాగి ఉంది, సంచిలో తిప్పేటప్పుడు లాగేసినట్టున్నాం. లోపలికి నొక్కగానే సెకన్ల ముల్లు నడిచింది.

మూయడం తేలికనుకున్నాం. రబ్బరు రింగుని గాడిలో సరిచేసి, మూత అంచులో కీ కోసం ఉన్న గాటుని కీ వైపుకే తెచ్చి పెట్టాలి. అది తప్పితే ఎంత నొక్కినా కూర్చోదు. పైగా వాచీ అద్దం నేలకి ఆని ఉండగా నొక్కితే అద్దం పగులుతుంది. నీళ్ల పైపు ముక్క ఒకటి కోసి నిలబెట్టి, వాచీ అంచు మాత్రమే దాని మీద ఆనేలా బోర్లించి, రెండు బొటనవేళ్లతో ఒకేసారి నొక్కాం. టక్‌మంది. చుట్టూ గోరుతో తడిమి చూశాం, ఎక్కడా ఎత్తు లేదు.

మూసేముందు మూతని పక్కకు తీసుకెళ్లి, ఆ మూడు తేదీల కింద నాలుగోది దబ్బనంతో గీసి, పొడి తుడిచేశాం. ఇప్పుడు కొత్త పిన్నులు, కొత్త బెల్టు. అమ్మే పెట్టుకుంటానంది. ఆమె మణికట్టు సన్నం, చివరి బెజ్జానికి కూడా వదులుగా ఉంది. అదే దబ్బనం కాల్చి ఇంకో రెండు బెజ్జాలు పెట్టాం.