అమ్మీ నాలుగు నెలల ముద్దత్

కడపలో అమ్మీ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మూడు నెలలు వాకర్ పట్టుకునే నడవాలని డాక్టర్ చెప్పాడు. చెల్లెలొక్కతే ఎత్తి కూర్చోబెట్టలేదు. కర్నూలుకు నా దగ్గరికి తీసుకురావాలని ఆసుపత్రి బెంచీ మీదే నిర్ణయమైపోయింది. అప్పుడు అమ్మీ నొప్పిలోనే అడిగింది: "ఘర్‌వాలే కు పూఛ్యా క్యా బేటా?"

అడగలేదు. కొడుకు ఇంటికి తల్లి రావడానికి ఇజాజత్ ఏంటని మొదట కోపమొచ్చింది. అమ్మీ జిందగీలో సగం కిరాయి ఇళ్లలోనే గడిచింది. ఆమెకు తెలిసింది నాకు తెలియలేదు.

ఈ ఇల్లు దొరికిన కథ చెప్పాలి. పేరు అడగ్గానే "నిన్ననే ఇచ్చేసినామప్పా" అన్న గుమ్మాలు ఐదు దాటాక దొరికింది. మాలిక్ రిటైర్డ్ టీచర్. ఆయన పైన, మేం కింద. కాగితం పదకొండు నెలలది. ఊరంతా పదకొండు నెలలే. అందులో రెండు షరతులున్నాయి. వేరేవాళ్లకు అద్దెకివ్వకూడదు, నలుగురికి మించి ఉండకూడదు. అమ్మీ ఐదో మనిషి.

మొదటి షరతుతో పేచీ లేదు. ఇల్లో గదో మరొకరి స్వాధీనంలో పెట్టేసి కిరాయి తీసుకుంటే అది సబ్‌లీజు. తల్లి కొడుకుతో కలిసి ఉండటం అది కాదు. రెండోదే చిక్కు. చెప్పకుండా తీసుకొస్తే షరతు తప్పింది నేనే అవుతాను. ఇంకో ఇంట్లో ఆ తప్పు చేశాను కూడా. మా అత్తామామలు వచ్చి పన్నెండు రోజులున్నారు. పదమూడో రోజు ఆ ఓనరు వాళ్ల ముందరే "ఇంకా ఎన్నాళ్లు?" అన్నాడు. మామయ్య ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాడు. ఆ మొహం ఇప్పటికీ మరవలేదు.

అందుకే కడప నుంచి ఒక్కడినే వచ్చి, మెట్లెక్కి సార్‌ను కలిశాను. అంతా విని ఆయన "మీ ఇష్టమప్పా" అన్నాడు.

మన దగ్గర "మీ ఇష్టం" అంటే ఒప్పుకోవడం కాదు. ఇప్పుడు కాదనలేను, రేపు అంటాను అని. "చూద్దాంలే", "కొన్నాళ్లే కదా" కూడా అదే జాతి మాటలు. కొన్నాళ్లంటే ఆయన లెక్కలో పదిహేను రోజులు, నా లెక్కలో నాలుగు నెలలు. తకరార్ అంతా ఆ రెండు లెక్కల మధ్య పుడుతుంది. "సార్, రాసిస్తాను. చదివి ఏది కుదురుతుందో ఏది కుదరదో చెప్పండి" అని కిందికొచ్చాను. రాసింది ఇదీ:

"గౌరవనీయులైన సార్‌కు, మా అమ్మ తుంటి ఆపరేషన్ అయి జనవరి 5 నుంచి మే 5 వరకు మాతో ఉంటుంది. కిరాయిదారుగా నేనొక్కడినే ఉంటాను, ఆమె ఆధార్ అడ్రసు కడపదే ఉంటుంది. బాత్రూంలో పట్టుకోవడానికి రెండు స్టీలు కడ్డీలు బిగించాలి, టైల్ పగిలితే నేనే మార్పిస్తాను. గడప మీద దించే చెక్క వేస్తాను, దానికి మేకులుండవు. నీళ్లకు నెలకు ఎంత అదనమో మీరే చెప్పండి. గడువు పెరిగేలా ఉంటే పదిహేను రోజుల ముందే మళ్లీ అడుగుతాను. మీకు అభ్యంతరమున్నవి చెప్పండి, మిగతావాటికి మీ సమ్మతి ఈ కాగితం మీద రాయండి."

రెండు రోజులకు ఆయనే కిందికొచ్చాడు. ముందు నీళ్ల మాట. "ఎండాకాలమొస్తే కరువొస్తాదే!" నిజమే. తుంగభద్ర మీద సుంకేసులలో నీళ్లు అడుగంటితే కర్నూలు కుళాయిలు ముందు ఎండుతాయి. ఇద్దరిదీ ఒకటే ట్యాంకు, వెయ్యి లీటర్లు. మంచం మీది మనిషికి బట్టలు, దుప్పట్లు రోజూ ఉతకాలి. నెలకు మూడు వందలు అదనం, ట్యాంకర్ తెప్పిస్తే అందులో సగం అని తేలింది. ఫజర్ వజూకు మోటర్ వేయకుండా రాత్రే బకెట్ నింపుకోవాలన్నాడు. మోటర్ ఆయన పడకగది కిందే ఉంది మరి. (సుంకేసుల నుంచే కేసీ కాలువ కడపకు పోతుంది. "వో పానీచ్ నా, మైఁ పియే సో!" అని అమ్మీ తర్వాత నవ్వింది.)

పరామర్శకొచ్చేవాళ్ల సంగతి నేనే ఎత్తాను. మావాళ్లలో ఇయాదత్ సవాబ్ పని, కాబట్టి ప్రొద్దుటూరు నుంచీ ఆటోల్లో దిగుతారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు, గేటుకు అడ్డంగా బండి పెట్టకుండా, రాత్రికి ఇద్దరికి మించకుండా అనుకున్నాం. పాయా విషయంలో మాత్రం ఇద్దరం ఇబ్బంది పడ్డాం. ఎముక అతకడానికి పాయా తాగాలని అమ్మీకి నమ్మకం. ఆయన ఇంట్లో గుడ్డు కూడా ఉండదు. ఆదివారం, కుక్కర్లో, పై వంటింటి వైపు కిటికీ మూసి. ఎముకలు కవర్లో కట్టి పొద్దున చెత్తబండికే ఇవ్వాలి. ఆయన తల గోక్కుని "సరేలే" అన్నాడు. ఆ "సరేలే" మాత్రం నిజమైనదే.

అన్నీ అయినా ఆయన లేవలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"పెద్దామెకు... ఏమన్నా అయితే..."

అర్థమైంది. వాళ్లలో ఇంట్లో ఎవరైనా పోతే నక్షత్రం చూస్తారు. ధనిష్ఠా పంచకమైతే నెలల తరబడి ఇల్లు మూసి పెట్టేవాళ్లున్నారు. కిరాయి ఇంటికి శవాన్ని రానివ్వని ఓనర్లను రిపోర్టర్‌గా నేను చూశాను. ఆయన నాలుగు నెలలు దాని మీదే భయపడుతూ ఉంటాడు. నా తల్లి మౌత్ గురించి ఆమె రాకముందే బేరమాడాలా? గొంతులో ఏదో అడ్డం పడింది. కోప్పడి ఉంటే మాట అక్కడే తెగేది.

"సార్, మా అబ్బా కడపలో ఉన్నాడు. ఆయన పక్కనే తనకు జాగా కావాలని అమ్మీ ఎప్పుడో చెప్పింది. ఒంట్లో బాగాలేదనిపిస్తే ఆసుపత్రికే తీసుకుపోతా. అక్కడ ఏమన్నా అయితే అక్కడి నుంచే కడపకు. కానీ నిద్రలో ప్రాణం పోతే అది నా చేతిలో లేదు. గుసుల్, కఫన్ ఇక్కడే అవుతాయి, జనాజా ఇక్కడి నుంచే లేస్తుంది. దానికి మీరొప్పుకోకపోతే ఇప్పుడే చెప్పండి, వేరే ఇల్లు చూసుకుంటా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మ పోయింది కూడా పై గదిలోనే" అన్నాడు. ఆయన అడిగింది ఇంకొకటి. కాగితం గడువు మార్చితో ముగుస్తుంది, ముసలామె ఉందని ఖాళీ చేయనంటే? కాగితం మే దాకా పొడిగించాం. ఆ తర్వాత ఆయన రెండు నెలల ముందు చెబితే అమ్మీని సాకుగా చూపననీ, ఆమె ఉందని ఆయన కిరాయి పెంచననీ చెరో వాక్యం రాసుకున్నాం. నా అర్జీ కిందే "పై వాటికి సమ్మతి" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. కడ్డీలకు మాత్రం "రెండే, తూర్పు గోడకు వద్దు" అని కలిపాడు.

అమ్మీ జనవరి 5న కాదు, 9న వచ్చింది. ఏప్రిల్ మూడో వారంలో వాకర్ వదిలి కర్ర పట్టుకుంది. ఇంకో ఇరవై రోజులు కావాలని ఏప్రిల్ 18న వాట్సాప్ చేశాను, "ఓకే, 25 వరకు" అని జవాబొచ్చింది. మే 25న కడప బస్సు ఎక్కించాను.

కడ్డీలు తీసిన రంధ్రాలు వైట్ సిమెంటుతో నేనే పూడ్చాను. టైళ్లు లేత నీలం, సిమెంటు తెలుపు. ఎనిమిది చుక్కలు అలాగే కనబడుతున్నాయి. సార్ చూశాడు, ఏమీ అనలేదు.