“బాకీ ఇస్తామన్నారు, వెళ్తున్నా”: చనిపోయిన మనిషి మాట కోర్టులో ఎంతవరకు నిలబడుతుంది?

ఈ పోస్టు కొంచెం పెద్దదే. ఎవిడెన్స్ పేపర్ రాసేవాళ్లు ఓపిగ్గా చదవండి. రాయనివాళ్లు కూడా చదవండి, ఎందుకంటే ఇది మన ఇళ్లల్లో జరిగే సంగతే.

మేము ఏలూరులో ఒకే రూంలో ఉండి లా చదువుకుంటున్నాం. ఇద్దరం బుట్టాయగూడెం వైపు కోయలం, ఒకడు తాడేపల్లిగూడెం ఎరుకల కుర్రాడు, రోజూ పాసింజరులో వచ్చిపోతాడు. మా జూనియర్ ఒకతను కొల్లేరు వైపు యానాదుల కుటుంబం. వాళ్ల నాన్న చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. పోయిన ఏడు ఒక సాయంత్రం ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున చెరువులో శవం తేలింది.

వాళ్లమ్మ స్టేషన్‌లో ఒకే మాట చెప్పింది. “వెళ్తూ నాతో అన్నాడయ్యా, ఐదు నెలల జీతం బాకీ ఇస్తామని రమ్మన్నారు, చెరువు కాడికి వెళ్తున్నా అని.” అక్కడున్న ఒకాయన, “నువ్వు చూశావా? ఆయన చెప్పగా విన్నావు. విన్న మాట కోర్టులో చెల్లదమ్మా” అన్నాడంట. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సెలవులకు ఇంటికెళ్లి వచ్చిన తమ్ముడు మమ్మల్ని అడిగాడు: “అన్నా, నిజంగా చెల్లదా?”

పరీక్షకి బట్టీ పట్టిన సెక్షన్లన్నీ మాకు నోటికి వచ్చు. కానీ ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం.

ముందు రూలు చూద్దాం. నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. చూసిన సంగతైతే చూసినవాడే రావాలి, విన్న సంగతైతే విన్నవాడే రావాలి. పాత 1872 చట్టంలో ఇది సెక్షన్ 60. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 55. కారణం కూడా తేలికే. బోనులో ఉన్నవాడు ప్రమాణం చేస్తాడు, ఎదుటి ప్లీడరు క్రాస్ చేస్తాడు, వాడు తడబడితే జడ్జిగారు చూస్తారు. “ఫలానావాడు నాతో అన్నాడు” అన్నప్పుడు ఆ ఫలానావాడికి ప్రమాణమూ లేదు, క్రాసూ లేదు. వాడు అబద్ధం చెప్పాడో, పొరబడ్డాడో తేల్చే దారే లేదు. అందుకే వినికిడి సాక్ష్యాన్ని, అంటే హియర్‌సేని, బయట ఉంచుతారు.

మరి చెప్పినవాడు చచ్చిపోతే? వాణ్ణి బోనెక్కించడం ఎవరి తరం కాదు. అక్కడే మినహాయింపు మొదలవుతుంది. పాత సెక్షన్ 32(1), ఇప్పుడు 26(ఎ). మనం మరణ వాంగ్మూలం అంటాం. ఆ పేరు వినగానే ఆస్పత్రి మంచం, మేజిస్ట్రేటు, చివరి ఊపిరి మీద చెప్పిన మాట గుర్తొస్తాయి. మా తప్పు కూడా అదే. సెక్షన్‌ని తీరిగ్గా చదివితే అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి తన చావుకి కారణం గురించి మనిషి చెప్పిన మాట. రెండోది, ఆ చావుకి దారితీసిన వ్యవహారంలోని పరిస్థితుల గురించి చెప్పిన మాట. అలా చెప్పేటప్పుడు తాను చస్తానన్న భయం ఉండాలని మన చట్టం అడగదు. ఇంగ్లీషు చట్టం అడిగేది.

ఈ రెండో ముక్కని తేల్చిన కేసు మన గోదావరి పక్కనే పుట్టింది. పాకాల నారాయణస్వామి కేసు, ప్రివీ కౌన్సిల్, 1939. పిఠాపురం దివాన్ దగ్గర ఒక బంట్రోతు ఉండేవాడు. దివాన్ అల్లుడే నిందితుడు. ఆ అల్లుడి భార్య 1936లో ఆ బంట్రోతు దగ్గర నూటికి 18 వడ్డీ మీద విడతలుగా 3000 రూపాయలు అప్పు తీసుకుంది. 1937 మార్చి 20న బంట్రోతుకి బరంపురం రమ్మని ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద సంతకం లేదు. ఆయన ఆ ఉత్తరం పెళ్లానికి చూపించి, “అల్లుడిగారి భార్య రమ్మని రాసింది, నాకు రావాల్సిన డబ్బు తెచ్చుకోవడానికి బరంపురం వెళ్తున్నా” అన్నాడు. మర్నాడు రైలెక్కాడు. మార్చి 23న పూరీ స్టేషన్‌లో, మూడో తరగతి పెట్టెలో, ఎవరూ తీసుకెళ్లని ఇనప ట్రంకులో ఆయన శవం ముక్కలుగా దొరికింది. బరంపురం వెళ్లే ఆ రైలు దారి మా తాడేపల్లిగూడెం, ఏలూరు మీంచి పోయే దారే. మావాడు రోజూ ఎక్కే పట్టాలే.

ఆ భార్య చెప్పిన మాట వినికిడే కదా, చెప్పేటప్పుడు ఆయనకి చావు భయమూ లేదు కదా అని డిఫెన్స్ వాదించింది. లార్డ్ అట్కిన్ ఒప్పుకోలేదు. డబ్బు కోసం ఫలానా చోటికి, ఫలానావాళ్లు రమ్మంటే వెళ్తున్నా అన్న మాట ఆ చావుకి దారితీసిన వ్యవహారంలో భాగమేనన్నారు. దాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు, శిక్ష ఖాయం చేశారు.

ఇది చదివాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అమ్మ చెప్పింది కూడా అదేగా” అన్నాడు.

అవును, అదే. కానీ లార్డ్ అట్కిన్ అదే తీర్పులో ఒక గీత కూడా గీశారు. ఊరికే భయం, ఊరికే అనుమానం, చావు జరిగిన సందర్భంతో నేరుగా సంబంధం లేనిది లోపలికి రాదు. అందుకని వాళ్లమ్మ మాకు ఫోన్లో చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటి కాగితం మీద రాసి చూశాం.

మొదటిది, “బాకీ ఇస్తామని రమ్మన్నారు, చెరువు కాడికి వెళ్తున్నా.” ఇది లోపలికి వస్తుంది. ఆ మాట ఆవిడ చెవులతో విన్నది, అన్నవాడు లేడు, ఆ మాట అదే సాయంత్రపు ప్రయాణం గురించి.

రెండోది, “సంక్రాంతి నుంచే ఆ మనిషంటే భయంగా ఉంది అనేవాడు.” ఇది రాదు. పైన చెప్పిన గీతకి అవతల పడిపోయింది.

మూడోది, “రాత్రి అరుపులు వినపడ్డాయని పక్క చెరువు కాపలాదారు నాతో అన్నాడు.” ఇది అచ్చంగా వినికిడి. ఆ కాపలాదారు బతికే ఉన్నాడు. అరుపులు విన్నది ఆయన చెవులు, కాబట్టి ఆయనే బోనెక్కాలి. ఆయన రాకపోతే ఈ మాట పోయినట్టే.

నాలుగోది, “శవం ఒడ్డుకి తెచ్చినప్పుడు జనం వాళ్లే చేశారన్నారు.” దీనికి కొంతమంది రెస్ జెస్టే అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. పాత సెక్షన్ 6, ఇప్పటి 4, సంఘటనతో కలిసిపోయిన మాటకే. తోస్తున్నప్పుడు చూసినవాడు “అయ్యో తోసేశాడు” అని కేక వేస్తే, ఆ కేక విన్నవాడు వచ్చి చెప్పొచ్చు. తెల్లారి గుమిగూడిన జనం మాట సంఘటనలో భాగం కాదు, ఆలోచించి కల్పించుకునే వ్యవధి మధ్యలో ఉంది.

ఐదోది మేము అడిగితే గుర్తు తెచ్చుకుని చెప్పింది. పదో రోజున చెరువు యజమాని ఇంటికొచ్చి, “నేనే రమ్మన్నాను, కానీ ఆయన రాలేదు” అన్నాడంట. ఇది ఒప్పుకోలు, అడ్మిషన్. ఆయన నిందితుడైతే ఆయన మాటే ఆయన మీద సాక్ష్యం. పాత 17 నుంచి 21, ఇప్పుడు 15 నుంచి 19. అదే మాట దర్యాప్తులో పోలీసులతో అని ఉంటే రాదు. పాకాల కేసులోనూ, బంట్రోతు తన ఇంటికి వచ్చాడని నిందితుడు పోలీసులకి చెప్పిన మాటని ప్రివీ కౌన్సిల్ పక్కన పెట్టేసింది. మిగతా సాక్ష్యం చాలడంతో శిక్ష నిలబడింది. ఒకే మాట ఎవరితో అన్నాడన్న దాన్ని బట్టి విలువ మారిపోతుంది, గుర్తుంచుకోండి.

ఇంకో మలుపు చెప్పాలి. మరణ వాంగ్మూలం ఇచ్చినవాడు బతికితే? 1993 మార్చిలో చిలకలూరిపేట వెళ్లే బస్సుని తగలబెట్టారు, 23 మంది చనిపోయారు. కాలినవాళ్లు పోతారనుకుని మేజిస్ట్రేటు వాంగ్మూలాలు రాసుకున్నారు. వాళ్లలో కొందరు బతికారు. 1996లో గంటెల విజయవర్ధనరావు కేసులో సుప్రీంకోర్టు, బతికినవాళ్ల మాట 32 కింద రాదంది, మధ్యలో వ్యవధి ఉంది కాబట్టి 6 కింద కూడా రాదంది. బతికినవాడు తానే వచ్చి చెప్పాలి. ముందు చెప్పిన మాట అతని సాక్ష్యానికి బలంగా మాత్రమే పనికొస్తుంది, పాత 157, ఇప్పుడు 160. దీన్నిబట్టి మినహాయింపు ఎందుకుందో తెలుస్తుంది. మనిషి దొరకనప్పుడే అతని మాటని వాడతాం, దొరికితే మనిషే కావాలి.

మన ఏజెన్సీ వాళ్లకి ఇంకో రెండు కూడా ఇదే సెక్షన్లో ఉన్నాయి. ఈ బాట, ఈ చెరువు ఊరందరిదని, ఇది మన ఆచారమని, తెలిసే స్థితిలో ఉండి చనిపోయిన పెద్దాయన చెప్పిన మాట 26(డి). ఎవరికి ఎవరు ఏమవుతారో తెలిసిన మనిషి చెప్పిన చుట్టరికం 26(ఇ). రెండింటికీ షరతు ఒకటే, తగువు పుట్టకముందు అన్న మాటై ఉండాలి. తగువు మొదలయ్యాక తాత ఎంత నిజం చెప్పి పోయినా ఈ దారిలో రాదు. కాగితం లేని మనకి ఈ తేదీ తేడా చాలా పెద్దది.

మళ్లీ వాళ్లమ్మ సంగతికి వస్తాం. ఆవిడ మాట కోర్టు లోపలికి వస్తుంది గానీ, అది చెప్పేది ఆయన ఎందుకు ఎక్కడికి వెళ్లాడన్నది మాత్రమే. ఎవరు చంపారన్నది చెప్పదు, అసలు చంపారో, కాలు జారాడో కూడా చెప్పదు. దానికి పోస్టుమార్టం, ఫోన్ రికార్డు, ఆ కాపలాదారు కావాలి. సాక్ష్యంగా తీసుకోవడం వేరు, దాన్ని నమ్మి శిక్ష వేయడం వేరు. ఈ మాట తమ్ముడికి చెప్పడం మాకు కష్టంగానే అనిపించింది, కానీ చెప్పాం.

తర్వాత ఆదివారం అందరం కలిసి వాళ్ల ఊరెళ్లాం. అమ్మతో ఒకటే చెప్పాం. “అమ్మా, ఆయన అన్నది అన్నట్టే చెప్పు. ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తీసెయ్యొద్దు. చెల్లదని ఎవరన్నా ఊరుకోవద్దు.” ఆవిడ కాసేపు ఆలోచించి, “జీతం అనలేదయ్యా, బాకీ అన్నాడు. జీతం నేను కలిపాను” అంది. ఆ దిద్దుబాటుతోనే వాంగ్మూలం మళ్లీ ఇప్పించడానికి ఏలూరులో ఒక ప్లీడరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. కేసు ఇంకా నడుస్తోంది.

ఇందులో తప్పులుంటే సీనియర్లు దిద్దండి. పక్క చెరువు కాపలాదారు ఇప్పుడు పని మానేసి ఆకివీడు వైపు ఎక్కడో ఉన్నాడని విన్నాం. ఆ వైపు తిరిగే మనవాళ్లు ఎవరైనా ఉంటే మాకు చెప్పండి. ఇది కూడా విన్న మాటే, అందుకే మేమే వెళ్లి చూసుకోవాలి.