కుడిపక్క నుంచి పిలిస్తే

మొన్న దసరాకి ఊరెళ్లినప్పుడు చెనిక్కాయ చేను గట్టు మీద నిలబడి నాయనను కేకేశాను. అనంతపురం జిల్లాలో మా వైపు ఎంత దూరం చూసినా బయలే, అడ్డంగా నాలుగు చెట్లు కూడా ఉండవు. నేను ఆయనకి కుడిపక్క ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. నాయన మాత్రం ఎడమపక్కకి తిరిగి, అక్కడెవరూ కనపడక, "యాడుండావురా?" అన్నాడు.

కేక వినపడింది, గొంతు నాదేనని తెలిసింది. ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం తెలీలేదు.

రెండేళ్ల కిందట ఒకరోజు పొద్దున లేచేసరికి ఆయన కుడి చెవి గుయ్యిమని, తర్వాత మూసుకుపోయింది. గుబిలి అనుకుని నూనె చుక్కలేస్తూ నెల గడిపేశాం. ఇలా ఉన్నట్టుండి వినికిడి పోతే తొలి రెండు వారాల్లో స్టెరాయిడ్ మొదలుపెడితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువట. అది మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

రెండు స్పీకర్లలో ఒకటి పోతే సౌండ్ తగ్గుతుంది, అంతేకదా అనుకున్నాను నేను. ఆ లెక్క తప్పు. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందన్న సమాచారం లోపలి చెవిలో ఎక్కడా నమోదవదు. అక్కడ నమోదయ్యేది శబ్దంలోని స్థాయిలు, వాటి బలం, అవి వచ్చిన సమయం. దిక్కును మెదడు లెక్కకట్టాలి. ఆ లెక్క మొదలయ్యేది మెదడు కాండంలో, అంటే మెదడు కిందికి దిగి వెన్నుపాముతో కలిసే కాడలో.

నా కేకనే తీసుకోండి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. సరిగ్గా కుడిపక్క నుంచి వస్తే, తల చుట్టూ తిరిగి ఎడమ చెవిని చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు, సుమారు 0.65 మిల్లీసెకన్లు. ఎదురుగా ఉన్న మనిషి ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే ఆ తేడా 9 మైక్రోసెకన్లే. మంచి చెవులున్నవాళ్లు దాన్ని కూడా పట్టేస్తారు. ఫోన్లో పాట రికార్డ్ చేసేటప్పుడు ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్య ఉండేదే దాదాపు 22 మైక్రోసెకన్లు! పైగా నరంలో పుట్టే ఒక్కో సిగ్నలూ దగ్గర దగ్గర ఒక మిల్లీసెకను ఉంటుంది. అంత మందపాటి స్కేలుతో అంత సన్నటి గీతను కొలవడం ఎలా?

మెదడు కొలవదు, కలుపుతుంది. రెండు చెవుల నుంచీ బయల్దేరిన సిగ్నళ్లు ముందు కాక్లియర్ న్యూక్లియస్ అనే మజిలీకి చేరతాయి. అక్కణ్నుంచి సుపీరియర్ ఆలివ్ అనే చోటికి వస్తాయి. రెండు పక్కల తీగలూ మొదటిసారి గట్టిగా కలిసేది ఇక్కడే. ఇక్కడి కొన్ని కణాలకి రెండు చెవుల సిగ్నళ్లూ ఒకేసారి తగిలితేనే గట్టిగా స్పందన వస్తుంది. ఒకటి ముందూ ఒకటి వెనకా వస్తే స్పందన పడిపోతుంది. ఏ కణాలు ఎంత గట్టిగా మోగాయన్నదే దిక్కుకి ఆనవాలు. మోటార్ గుర్రుమనడంలాంటి బొంగురు శబ్దాలకి ఈ పద్ధతి. ఈలలాంటి సన్నటి శబ్దాలకి తలే అడ్డుగోడై అవతలి చెవికి నీడ పడుతుంది. అప్పుడు పక్కనే ఉన్న ఇంకో గుంపు కణాలు ఒక చెవి బలంలోంచి ఇంకో చెవి బలాన్ని తీసేస్తాయి. ఒక్కముక్కలో అది తీసివేత లెక్క.

నాయనకి ఆ కలిపే చోటు బాగానే ఉంది. అక్కడికి రావాల్సిన రెండో సిగ్నలే లేదు.

ఆడియాలజిస్టు దగ్గర ఒక మిషన్ చూపించారు. కుడిపక్కన పెట్టిన మైకు అటువైపు మాటల్ని పట్టి, వైర్‌లెస్‌గా ఎడమ చెవికి పంపుతుంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "కుడిపక్క మాట బాగా వినపడుతుంది. దిక్కు మాత్రం తెలీదు," అన్నారావిడ. ఆలోచిస్తే నిజమే. రెండు పక్కలదీ చివరికి ఒకే నరంలోకి పోతే ఇక పోల్చడానికేముంది? కాక్లియర్ ఇంప్లాంట్ ఆ నరానికే కరెంటు సిగ్నల్ ఇస్తుంది కాబట్టి కొంతమందికి దిక్కు కొంతవరకు తిరిగొస్తుందట. ఖర్చు విని నాయన నవ్వి ఊరుకున్నాడు. మిషన్ తీసుకున్నాం.

భయమల్లా రోడ్డు దాటేటప్పుడే. లారీ హారన్ వినపడగానే ఆయన మంచి చెవి వైపు చూస్తాడు, లారీ అవతలి పక్క నుంచి వస్తుంటుంది. హారన్ కొడితే ముందు ఆగిపో, తల రెండు పక్కలా నిదానంగా తిప్పు, ఎటు తిప్పితే గట్టిగా వినపడుతుందో చూడు అని ఆవిడ నేర్పించారు. శబ్దం ఆగకుండా వస్తుంటేనే ఇది పనిచేస్తుంది. ఒక్క పీప్ కొట్టి ఊరుకుంటే తల తిరిగేలోపు అయిపోతుంది.

చేన్లో మాత్రం నాయన సొంతంగా ఒక దారి కనిపెట్టుకున్నాడు. వచ్చేముందు రోజు మళ్లీ గట్టు మీంచి కేకేశాను. ఆయన తల తిప్పలేదు. పక్కనున్న కుక్కను చూశాడు. దాని చెవులు నావైపు నిక్కి ఉన్నాయి. అప్పుడు తిరిగి, "ఏమిరా, బువ్వకి పిలుచ్చాండావా?" అన్నాడు.