సినిమాకి ముందు రెండు లైన్లు

ఈసారి పండగ గురించి కాదు, వంట గురించి కాదు. నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను.

మా గుడిలో నెలకోసారి శనివారం భోజనాలయ్యాక కింది హాల్లో సినిమా వేస్తాం. పెద్దవాళ్ళూ వస్తారు, మనవలూ వస్తారు. కుర్చీలు వెయ్యడం, టీ పెట్టడం, ఏ సినిమా వెయ్యాలో చూడడం నా పని. ఒకసారి 'అప్' వేశాను. 2009లో పిక్సార్ వాళ్ళు తీసిన బొమ్మల సినిమా. ఒక ముసలాయన తన ఇంటికి వేల బెలూన్లు కట్టి ఎగిరిపోతాడు. అమెరికాలో దీని రేటింగు పీజీ. రేటింగు పక్కన కారణం కూడా రాస్తారు కదా, అక్కడ 'సమ్ పెరిల్ అండ్ యాక్షన్' అని ఉంది. అంటే కొంచెం ప్రమాదం, కొంచెం హడావుడి. అంతే కదా అనుకున్నాను.

ఆ సినిమా మొదట్లోనే నాలుగైదు నిమిషాలు మాటల్లేకుండా ఒక జంట జీవితమంతా చూపిస్తారు. పెళ్ళవుతుంది. పిల్లలు పుట్టరని డాక్టరు దగ్గర తెలుస్తుంది. ఎక్కడికో వెళ్ళాలని డబ్బు దాచుకుంటారు, ఏదో ఒక ఖర్చొచ్చి ఆ డబ్బా పగలగొడతారు. చివరికి ఆవిడ జబ్బుపడి ఆసుపత్రిలో చేరుతుంది. తర్వాత ఆయన ఒక్కడే ఇంటికొస్తాడు.

మా హాల్లో మూడో వరసలో ఒక బాబాయిగారు కూర్చుని ఉన్నారు. పిన్నిగారు పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన మెల్లగా లేచి, అందరి మోకాళ్ళూ తప్పించుకుంటూ బయటికి వెళ్ళారు. నేను వెళ్ళి చూస్తే చెప్పుల అల్మారా పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేనేమీ అనలేకపోయాను. లోపల పిల్లలు నవ్వుతున్నారు, కుక్క మాట్లాడే సీను వచ్చినట్టుంది.

నేను హెచ్చరిక చదవలేదని కాదు, చదివాను. కానీ అది ఎవరి కోసం రాసిందో ఆలోచించలేదు. అమెరికాలో సినిమాలకి రేటింగు ఇచ్చే ఎమ్‌పీఏ బోర్డులో ఉండేది పిల్లలున్న తల్లిదండ్రులు. వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: ఇది పిల్లలకి చూపించొచ్చా? అందుకే బూతులు, రక్తం, సెక్సు, మత్తుమందులు లెక్కపెడతారు. భార్య పోయిన డెబ్భై ఏళ్ళ మనిషికి ఇది ఎలా ఉంటుంది అన్నది వాళ్ళ ప్రశ్న కాదు. చావు నెమ్మదిగా, రక్తం లేకుండా, మంచం మీద జరిగితే దానికి పెద్దగా మాట దొరకదు.

ఒక్కోసారి 'థిమాటిక్ ఎలిమెంట్స్' అని రాస్తారు. 'కోకో' సినిమాకి ఇచ్చిన కారణం అదొక్కటే. కుటుంబంలో పోయినవాళ్ళు, వాళ్ళని మర్చిపోవడం, ఒక హత్య కూడా ఉన్న కథ అది. నేను తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నాకు 'బాధ' అని ఒక్క మాటే వచ్చు. పన్ను నొప్పికీ బాధే, అమ్మ పోయినందుకూ బాధే. తర్వాత దిగులు, దుఃఖం, శోకం వేరువేరని తెలిసింది. ఈ 'థిమాటిక్ ఎలిమెంట్స్' కూడా నా 'బాధ' లాంటిదే. అన్నీ అందులోనే పడేస్తారు. అందుకని ఆ మాట కనిపిస్తే నేనిప్పుడు ఆగి, లోపల ఏముందో వేరే చోట వెతుకుతాను.

ఎలా వెతుకుతానో ఒక ఉదాహరణతో చెప్తాను.

మా వదిన తమ్ముడు ఆత్మహత్య చేసుకుని పదకొండేళ్ళైంది. ఆవిడ సినిమాలు బాగా చూస్తుంది, కానీ ఆ విషయం హఠాత్తుగా తెరమీదికి వస్తే రెండు మూడు రోజులు నిద్రపట్టదు. ఒకరోజు ఫోన్ చేసి, "'మాంచెస్టర్ బై ద సీ' చూడమని మా కోడలు చెప్పింది. నువ్వు కాస్త చూసి చెప్పవే" అంది. 2016లో వచ్చిన సినిమా అది.

ముందు filmratings.com లో పేరు కొట్టాను. ఎమ్‌పీఏ రేటింగులన్నీ అక్కడ దొరుకుతాయి. రేటింగు ఆర్. కారణం: సినిమా అంతటా బూతులు, కొంత సెక్సు. ఇంకేమీ లేదు. ఇది ఒక్కటే చదివితే వదిన, "బూతులేగా, పర్వాలేదు" అని కూర్చునేది.

రెండోది, ఐఎమ్‌డీబీలో 'పేరెంట్స్ గైడ్' అని ఒక పేజీ ఉంటుంది. చూసినవాళ్ళే రాస్తారు. బూతులు, హింస, మద్యం ఇలా భాగాలుంటాయి. మనకి కావలసింది తరచుగా ఆఖరి భాగంలో, 'ఫ్రైటెనింగ్ అండ్ ఇంటెన్స్ సీన్స్' దగ్గర ఉంటుంది. పేరు చూస్తే దయ్యాల సినిమాలకే అనిపిస్తుంది గానీ చావులూ ఏడుపులూ అక్కడే రాస్తారు. అయితే అది చదివితే కథ తెలిసిపోతుంది. వదినని ముందే అడిగాను. "కథ తెలిస్తే తెలియనీ. నాకు తెలియకుండా రావడమే భయం" అంది.

మూడోది doesthedogdie.com. పేరు కుక్క గురించే. సినిమాలో కుక్క చచ్చిపోతుందా అన్న ప్రశ్నతో మొదలైంది, ఇప్పుడు చాలా ప్రశ్నలున్నాయి. పసిపిల్లలు చనిపోతారా, తల్లో తండ్రో చనిపోతారా, ఎవరైనా ఆత్మహత్యకి పాల్పడతారా, తమని తాము గాయపరచుకుంటారా అని. ప్రతి ప్రశ్నకీ చూసినవాళ్ళు అవును, కాదు అని ఓటు వేస్తారు. నేను ఓటు మాత్రమే చూడను, కింద రాసిన వ్యాఖ్యలు చదువుతాను. ఎందుకంటే 'అవును' అన్న మాటలో చాలా తేడాలు దాక్కుంటాయి. ఎవరో పాతికేళ్ళ కిందట పోయారని ఒక వాక్యంలో చెప్పినా అవునే, తెరమీద చూపించినా అవునే. ఓట్లు నాలుగైదే ఉంటే కూడా నమ్మను.

ఇవి చదివాక నేనే సినిమా చూశాను. వదినకి కావలసింది మూడు విషయాలు: ఎవరికి జరుగుతుంది, చూపిస్తారా లేక చెప్పి వదిలేస్తారా, ఎప్పుడు వస్తుంది. ఒక కాగితం మీద ఇలా రాసుకున్నాను. కథానాయకుడి అన్న గుండెజబ్బుతో పోతాడు, అది మొదట్లోనే. తర్వాత, సుమారు సినిమా మధ్యలో, ఇల్లు తగలబడి ఇతని ముగ్గురు పిల్లలు పోయిన రాత్రి చూపిస్తారు. ఆ వెంటనే పోలీస్ స్టేషన్లో ఇతను ప్రాణం తీసుకోబోతాడు, పోలీసులు ఆపుతారు. ఆ సీను చిన్నదే, కానీ ముందస్తు సూచన ఏమీ ఉండదు. మిగతా సినిమా అంతా ఆ దుఃఖంతోనే నడుస్తుంది, చివర్లో పెద్ద ఓదార్పు కూడా లేదు.

ఫోన్లో చదివి వినిపించాను. నా నోటిదాకా "వద్దులే వదినా" అని వచ్చింది. ఆపుకున్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఒక్కదాన్నీ చూడను. ఆదివారం పగటిపూట మీ ఇంట్లో చూస్తాను. ఆ పోలీస్ స్టేషను దగ్గర నేను వంటింట్లోకి వెళ్తాను, నువ్వు పిలువు" అంది. అలాగే చూసింది. పిలిచినప్పుడు రెండు కాఫీలు పట్టుకుని వచ్చింది. (ఒక మాట ఇక్కడే చెప్పాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు మీకే వస్తుంటే అది ఇక సినిమా ఎంచుకునే విషయం కాదు. అమెరికాలో 988 కి ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ కూడా పంపొచ్చు.)

మన తెలుగు సినిమాలతో పని ఇంకొంచెం కష్టం. ఇక్కడి థియేటర్లకి వచ్చే తెలుగు సినిమాల్లో చాలావాటికి ఎమ్‌పీఏ రేటింగు ఉండదు. ఇండియా సర్టిఫికెట్టు మీద యూ, యూఏ, ఏ అని ఉంటుంది. 2024 నుంచి యూఏని 7+, 13+, 16+ అని మూడు చేశారు. అది మంచిదే, కానీ అదీ వయసే చెప్తుంది. తెరమీద ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే వెంటనే మూలలో హెచ్చరిక వస్తుంది, అదే మనిషి తర్వాతి సీనులో ఉరితాడు పట్టుకుంటే ఏమీ రాదు. ఇంట్లో ఓటీటీలో చూసేటప్పుడు సినిమా పేరున్న పేజీలో కిందికి వెళ్తే వయసు పక్కన కారణాలు ఉంటాయి, అక్కడ 'సూసైడ్' అని విడిగా రాసి ఉండొచ్చు. మొదలయ్యాక మూలలో కొన్ని క్షణాలు కనిపించి మాయమయ్యేది కూడా అదే. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు పోతుంది, అందుకే ముందే పేజీలో చదువుతాను. అక్కడ మాట లేదంటే సినిమాలో లేదని మాత్రం అనుకోకండి.

ఇన్ని చదివినా దొరకనివి ఉంటాయి. కొన్ని వారాల తర్వాత బాబాయిగారికి క్షమాపణ చెప్పాను. ఆసుపత్రి సీను చూసి లేచారనుకున్నాను. "అది కాదమ్మా. రెండు కుర్చీలు పక్కపక్కన ఉంటాయి చూడు, ఒకటి ఖాళీగా. మా ఇంట్లో కూడా అలాగే ఉన్నాయి" అన్నారు. ఖాళీ కుర్చీ ఉందా అని ఏ సైటూ అడగదు.

ఇకమీదట అలాంటి సినిమాలు వెయ్యనని ఆయనకి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మంచి సినిమా. పిల్లలు చూడాల్సిందే. ముందు చెప్పి ఉంటే నేను తలుపు దగ్గర కూర్చునేవాణ్ణి, అంతే."

అప్పట్నుంచి టీ బల్ల పక్కన తెల్లబోర్డు మీద రెండు లైన్లు రాస్తున్నాను. సినిమా వెయ్యడానికి ముందు ఒకసారి పైకి చదువుతాను కూడా. కథంతా చెప్పను. ఆ రోజు 'అప్' కి ఇలా రాసి ఉండాల్సింది:

"మొదటి పదిహేను నిమిషాల్లోపు: పిల్లలు కలగని దుఃఖం, జబ్బుతో భార్య మరణం. రక్తం లేదు, మాటలు లేవు, చూపిస్తారు."
"ఆ భాగం వద్దనుకునేవాళ్ళు పైన టీ తాగి రావచ్చు, అయ్యాక పిలుస్తాం."

'దుఃఖం' లో సున్నాల్లాంటి రెండు చుక్కలు మొదట్లో మర్చిపోయేదాన్ని. బాబాయిగారే మార్కర్ తీసుకుని పెట్టారు. ఇప్పుడు ఆయన తలుపు పక్క కుర్చీలోనే కూర్చుంటారు. ఎక్కువసార్లు చివరిదాకా ఉంటారు.