ఒక పూట వంటకు ఎంత? మా ఇంటి లెక్క

పోయిన ఆదివారం సంఘం మీటింగ్ అయ్యాక ఒక చెల్లెలు అడిగింది, "అన్నా, కరెంటు ఎట్లాగూ ఫ్రీనే కదా, గ్యాస్ మానేసి ఇండక్షన్ పెట్టుకుంటే మేలా?" అని. నిలబడి చెప్పే జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే అదే మాట నమ్మి నేనూ దెబ్బ తిన్నా.

బెంగళూరులో మాది అద్దె ఇల్లు. గృహజ్యోతిలో జీరో బిల్లు వచ్చేది. నెలకు 185 యూనిట్లు కాలేది. ఫ్రీ కదా అని 2025లో ఇండక్షన్ కొని రెండు పూటల వంటా దాని మీదే మొదలుపెట్టాం. మరుసటి నెల మీటరు 222 చూపించింది. 200 దాటితే దాటిన 22కు మాత్రమే కాదండీ, మొత్తం 222కూ కట్టాలి. ఫిక్స్‌డ్ ఛార్జీ కాక కరెంటుకే సుమారు 1,490 రూపాయలైంది. ఆ నెల మిగిలిన గ్యాస్ విలువ 290 రూపాయలు.

మా ఇంటామె ఏమీ అనలేదు, బిల్లు తీసి ఫ్రిజ్‌కు అతికించింది. అప్పుడు కూర్చుని తూకం మొదలుపెట్టా.

నలుగురికి మధ్యాహ్నం భోజనం: 300 గ్రాముల బియ్యం, 150 గ్రాముల కందిబేడలు, ఒక పల్యం. ఒక్క పూటకు కాలే గ్యాస్ ఇంట్లో త్రాసుకు అందదు. కాబట్టి పది రోజులు గ్యాస్ ఈ ఒక్క వంటకే వాడి, కాఫీ, టిఫిన్ ఇండక్షన్ మీద చేశాం. సిలిండరు ముందు 22.4 కిలోలు, పది రోజుల తర్వాత 21.6. అంటే పూటకు 80 గ్రాములు. అప్పుడు 14.2 కిలోల సిలిండరు ధర 855 రూపాయల 50 పైసలు, కాబట్టి పూటకు 4 రూపాయల 82 పైసలు.

తర్వాత పది రోజులు అదే వంట ఇండక్షన్ మీద. ప్లగ్గుకు పెట్టే చిన్న మీటరులో 6.1 యూనిట్లు వచ్చింది, పూటకు 0.61. అప్పుడు యూనిట్ 5 రూపాయల 80 పైసలు, పన్ను, సర్‌ఛార్జీ కలిపితే సుమారు 6 రూపాయల 70 పైసలు. పూటకు 4 రూపాయల 9 పైసలు. గ్యాస్ మంట వేడి కొంత గిన్నె పక్కల నుంచి పోతుంది, ఇండక్షన్‌లో అడుగే వేడెక్కుతుంది. ఆ తేడా ధరలో తేలేసరికి 73 పైసలే. మా పాత అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయలేదు. అడుగుకు అయస్కాంతం అతుక్కునే కుక్కరుకు 2,200 పెట్టాం. రోజుకు రెండు పూటలు వండినా ఆ ఖర్చు తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది.

ఎలక్ట్రిక్ కుక్కర్ అన్నానికి 0.30 యూనిట్ తీసుకుంది. బాగుంది. కానీ బేడలు అందులో పెడితే ఆవిరి ఒత్తిడి లేదు కదా, ముందుగా నానబెట్టినా గంట ఉడికి, పొంగి, మళ్ళీ 0.35 తిన్నది. పల్యానికి గ్యాస్ ఎట్లాగూ తప్పలేదు, 25 గ్రాములు. అన్నీ కలిపితే పూటకు 5 రూపాయల 86 పైసలు. పైగా అన్నం ఉడికాక "వార్మ్" లైటు వెలుగుతూ ఉంటుంది చూడండి, మూడు గంటలు అట్లా వదిలేస్తే ఇంకో 0.12 యూనిట్. అన్నం కాగానే ప్లగ్గు తీసేస్తే చాలు.

అంటే మూడింటి మధ్య తేడా పూటకు రెండు రూపాయల లోపే. అసలు తేడా మీ మీటరులో ఉంది. 200 యూనిట్లు అందరికీ ఫ్రీ కాదు. 2022-23లో మీ నెలవారీ సగటు ఎంతో, దాని మీద పది శాతం అదనం, అంతవరకే మీకు ఫ్రీ. ఆ పైన 200 వరకు ఎక్కువైన యూనిట్లకు మాత్రమే కట్టాలి. 200 దాటితే మొత్తానికి కట్టాలి. పాత బిల్లులో మీ ఉచిత యూనిట్లు ఎన్నో ఉంటాయి, చూడండి.

మన పెద్దమ్మ ఒకామె ఒంటరిగా ఉంటుంది. సగటు 80 యూనిట్లు, ఫ్రీ 88 వరకు. కొడుకులు "200 వరకు ఫ్రీ కదమ్మా" అని ఇండక్షన్ పంపించారు. ఆమె వంటకు నెలకు 20 యూనిట్లు పెరిగితే అందులో 8 ఉచితం, 12కు 80 రూపాయలు. గ్యాస్ కంటే నష్టం లేదు, కానీ ఫ్రీ కూడా కాదు. పైగా ఆమె గిన్నెలన్నీ అల్యూమినియమే. ఇదంతా చెప్తే విని, "అయితే స్టీలు గిన్నె ఒకటుంది, దాంట్లో పాలు మాత్రం కాచుకుంటా లే నాయనా" అనింది.

మేమిప్పుడు ప్రతి నెల 20వ తేదీన మీటరు చూస్తాం. 120 లోపల ఉంటే మిగతా రోజులు ఇండక్షన్, లేకుంటే గ్యాస్. ఆ బిల్లు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.